స్టాల్ నుంచి కబురు: ఒకే వరుస, ఒకే ట్యాగు
(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గత జనవరిలో ఖరగ్‌పూర్ వాణిజ్య ప్రదర్శనలో మన బ్యాంకు స్టాల్ పెట్టినప్పుడు, రోజంతా ఫోన్లో కబుర్లు పెట్టే పని నాకూ మరో ఇద్దరు సహోద్యోగులకూ అప్పగించారు. మీ పిల్లలు కొందరు ఫొటోలు తీసి సాయపడ్డారు. వచ్చేసారి మరికొందరు వస్తామంటున్నారు. అందుకని, ఫొటో కింద ఆ రెండు మూడు వాక్యాలు ఎలా రాయాలో చెప్పమని నన్ను నిలబెట్టారు.

ముందు, అవి చదివేది ఎవరో చూద్దాం. మథురాకాటిలో ఉండే మన తెలుగు రైల్వే కుటుంబాలు చదువుతాయి. వర్క్‌షాపులో షిఫ్టు దిగి వచ్చేవారు చదువుతారు. సబంగ్ వైపు మాదుర్ చాపలు అల్లేవారూ చదువుతారు. ఆ చాపలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సబంగ్ నుంచి రావాలంటే బాలిచక్ దాకా వచ్చి, అక్కడ లోకల్ రైలెక్కి ఖరగ్‌పూర్‌లో దిగాలి. అంటే వాళ్లకు ఆ రోజు అల్లిక లేనట్టే. వాళ్లు మన ఫొటో చూసేది ముచ్చటకు కాదు, బయలుదేరాలా వద్దా తేల్చుకోవడానికి.

అందుకే మేము నమూనా స్టేషన్ నుంచే తెచ్చుకున్నాం. ప్లాట్‌ఫారం మీద ప్రకటన ఎప్పుడూ ఒకే వరుసలో వస్తుంది. బండి నంబరు, పేరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, చివర ఏ ప్లాట్‌ఫారం. ఆ వరుస చెవికి అలవాటైపోయింది కాబట్టి గోలలో సగం వినపడకపోయినా మనకు కావలసిన ముక్క దొరుకుతుంది. కబురు కూడా అలాగే ఉండాలి. మేము పెట్టుకున్న వరుస ఇది:

సమయం | స్టాల్ నంబరు | విషయం
ఏం జరుగుతోంది, ఒక వాక్యం.
చదివినవారు ఏం చేయాలి, ఒక వాక్యం.
తర్వాతి కబురు ఎన్నింటికి.
ట్యాగులు రెండు.

సమయం 24 గంటల లెక్కలో రాశాం. రైల్వే ఊళ్లో 16:00 అంటే ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. ‘ఇప్పుడు’, ‘కాసేపట్లో’, ‘ఇంకో గంటలో’ అన్న మాటలు మాత్రం పూర్తిగా మానేశాం. ఎందుకంటే వాట్సాప్‌లో ఒకరు పంపింది మరొకరు ముందుకు పంపితే, మొదట పెట్టిన సమయం కనపడదు, పంపిన సమయమే కనపడుతుంది. ఫేస్‌బుక్ అయితే కబుర్లను వేళ ప్రకారం వరసగా చూపించదు. పొద్దున ‘ఇప్పుడు రద్దీ లేదు’ అని రాసింది సాయంత్రం చదివి ఒకామె బాలిచక్‌లో రైలెక్కితే, ఆ తప్పు ఆమెది కాదు.

ఒక ఉదాహరణ పూర్తిగా చెబుతాను. మధ్యాహ్నం వేలిముద్రతో ఖాతా తెరిచే యంత్రానికి లైను అందడం మానేసింది. అలాంటప్పుడు చేయి మామూలుగా ‘సాంకేతిక సమస్య, అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని రాయబోతుంది. అది చదివినవాడికి స్టాల్ మూసేశారనిపిస్తుంది. మేము పెట్టింది ఇది:

12:25 | స్టాల్ 14 | ఖాతాలు
వేలిముద్రతో ఖాతా తెరవడం ఆగింది. ముద్ర దరఖాస్తులు, బీమా నడుస్తున్నాయి.
ఖాతా కోసం వచ్చేవారు బయలుదేరే ముందు తర్వాతి కబురు చూడండి.
తర్వాతి కబురు 13:00కి.
#KgpBankStall #KgpKhata

13:00కి కూడా లైను రాలేదు. అయినా కబురు పెట్టాం: ‘ఇంకా ఆగే ఉంది. తర్వాతి కబురు 13:30కి.’ కొత్తగా చెప్పడానికి ఏమీ లేనప్పుడు మానేయాలనిపిస్తుంది. కానీ వేళ చెప్పి ఊరుకుంటే, చదివేవాడు తనకు తోచింది ఊహించుకుంటాడు. 13:30కి లైను వచ్చింది. ఆ కబురులో 16:00 తర్వాత టోకెన్లు ఇవ్వబోమని కూడా రాశాం. దాన్ని బట్టి ఏ రైలు పట్టుకోవాలో ఎవరి లెక్క వాళ్లు వేసుకున్నారు.

ఇక ట్యాగుల సంగతి. #Mudra అని ఒక్కటే పెడితే దేశంలోని ముద్ర కబుర్లన్నిటితో మనది కలిసిపోతుంది. అందుకని రోజంతటికీ ఒకటే ట్యాగు, #KgpBankStall. దాని పక్కన విషయాన్ని బట్టి మరొకటి: #KgpKhata, #KgpMudra, #KgpBima. మూడే. నాలుగోది కావాలనిపిస్తే ముందు మాట్లాడుకోవాలి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వల్ల నష్టం లేదు. స్పెల్లింగ్ మారితే మాత్రం ఆ కబురు వేరే బుట్టలో పడుతుంది. మధ్యలో ఖాళీ గానీ అడ్డగీత గానీ వస్తే ట్యాగు అక్కడికే తెగిపోతుంది. అందుకే ఎవరూ చేత్తో కొట్టకుండా, పొద్దునే ఒక ఖాళీ నమూనా ఫోన్లో దాచుకుని, ప్రతిసారీ దాన్నే అతికించి నింపాం. పేరులో ప్రతి మాటకూ పెద్దక్షరం పెట్టడానికి ఒక కారణం ఉంది. చూపు లేనివారి ఫోన్ దాన్ని మాటలుగా విడదీసి చదవగలుగుతుంది.

బ్యాంకువాళ్లం కాబట్టి మరో జాగ్రత్త ఉంది. సబంగ్ నుంచి వచ్చిన ఒకామె చాపలకు కావలసిన సరుకు కోసం ముద్ర శిశు రుణం అడిగింది. శిశు అంటే రూ.50,000 వరకు, తాకట్టు లేకుండా. ఫొటో తీసిన అబ్బాయి ఉత్సాహంగా ‘స్టాల్‌లోనే రుణం’ అని రాశాడు. మేము దాన్ని ‘దరఖాస్తు తీసుకున్నాం, పరిశీలన, మంజూరు శాఖలో’ అని మార్చాం. ‘తీసుకున్నాం’, ‘మంజూరైంది’ అన్న మాటల మధ్య తేడా మనకు రోజూ తెలిసిందే. కానీ ఆ కబురు చూసి పది మంది చేతికి డబ్బు వస్తుందని రావచ్చు. ఫొటోకు ముందు ఆమెను అడిగాం. ముఖం వద్దంది. చాప మీద చేతులే తీశాం. బల్ల మీదున్న పాస్‌బుక్, ఆధార్ పక్కకు జరిపాకే తీశాం.

తప్పు దొర్లితే ఎలా? సురక్ష బీమాకు ఏడాదికి రూ.20, వయసు 18 నుంచి 70. జీవన్ జ్యోతికి రూ.436, వయసు 18 నుంచి 50. ఈ రెండు వయసులూ తారుమారైతే అరవై ఏళ్ల పెద్దాయన జీవన్ జ్యోతి కోసం ఉత్తినే వస్తాడు. వాట్సాప్‌లో సందేశం దిద్దుకోవడానికి 15 నిమిషాలే ఉంటుంది. ఆలోగా దిద్దినా, అప్పటికే ముందుకు వెళ్లిన ప్రతులు మారవు. కాబట్టి దిద్దడంతో సరిపెట్టుకోకుండా, ‘సవరణ: 11:40 నాటి కబురు’ అన్న మాటతో, అవే ట్యాగులతో కొత్తది పెట్టాలి. ఫేస్‌బుక్‌లో పాతది చూసినవాడు ట్యాగు నొక్కితే సవరణ కూడా దొరుకుతుంది. దొర్లకుండా ఉండాలంటే రాసేవారు ఒకరు, అంకెలు చూసేవారు మరొకరు ఉండాలి. బ్యాంకు ఖాతా నుంచి పెట్టేది మాత్రం ఎప్పుడూ అధికారే. మీ సొంత ఫోన్ల నుంచి వద్దు.

ఈ వరుసకు ఒక హద్దు ఉంది. ‘నా పాత అప్పు తీరలేదు, కొత్తది వస్తుందా’ అని కింద ఎవరైనా అడిగితే దీనిలో జవాబు ఇమడదు. అక్కడ వారి వివరాలు అడగకుండా, శాఖకు రమ్మని చెప్పి వదిలేయాలి.

చివరి కబురు మరచిపోకండి: ‘18:00 | స్టాల్ 14 | ముగింపు. రేపు 11:00కి తెరుస్తాం.’ అందులో ‘రేపు’ ఉంది చూశారా? అక్కడ కూడా తేదీ వేయాలి. వచ్చే ఆదివారం సాయంత్రం ఆ ఖాళీ నమూనా గ్రూపులో పెడతాను. సాయానికి వచ్చేవారు దాన్ని మీ ఫోన్లలో దాచుకోండి, వచ్చేసారి స్టాల్‌కు వచ్చేటప్పుడు చార్జర్ తెచ్చుకోండి.