ఒకే డిస్కులో విండోస్, లినక్స్



విండోస్ ఉన్న ల్యాప్‌టాప్‌లోనే ఉబుంటు కూడా పెట్టుకోవాలనుకునేవాళ్లకు మొదట వచ్చే భయం, ఉన్న ఫైళ్లు పోతాయేమోనని. ఆ భయం న్యాయమైనదే. ప్రమాదం ముఖ్యంగా రెండు చోట్ల ఉంది: సి డ్రైవ్‌ను కుదించేటప్పుడు, లినక్స్ ఇన్‌స్టాలర్‌లో పార్టిషన్లు ఎంచుకునేటప్పుడు. ఈరోజు ఆ రెండింటి గురించి మాట్లాడతాను.

512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌ను తీసుకుందాం. విండోస్ దాన్ని సుమారు 476 జీబీగా చూపిస్తుంది. అందులో 180 జీబీ వాడేశాం, లినక్స్‌కు 100 జీబీ కావాలి. `diskmgmt.msc` తెరిచి, సి డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి, ష్రింక్ వాల్యూమ్ నొక్కితే ఒక్కోసారి 40 జీబీకి మించి ఇవ్వనంటుంది. దాదాపు 290 జీబీ ఖాళీగా ఉన్నప్పుడు ఇదేమిటని చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

కారణం ఇది. విండోస్ పార్టిషన్‌ను చివరి నుంచి వెనక్కి కుదిస్తుంది. కదిలించడానికి వీల్లేని ఫైలు దారిలో ఎదురైతే అక్కడే ఆగుతుంది. `pagefile.sys`, `hiberfil.sys`, సిస్టమ్ రిస్టోర్ పాయింట్లు, ఎన్‌టీఎఫ్ఎస్ తన లెక్కలు రాసుకునే పట్టిక, ఇవన్నీ అలాంటివే. ఏది అడ్డొచ్చిందో ఊహించనక్కర్లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి, 259 నంబరు ఈవెంట్ వెతకండి. చివరికి అడ్డుపడిన ఫైలు పేరు అందులో రాసి ఉంటుంది.

ఆ పేరు `hiberfil.sys` అయితే, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
powercfg /h off
```

దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. ఫాస్ట్ స్టార్టప్ ఈ ఫైలు మీదే నడుస్తుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న సి డ్రైవ్‌లో లినక్స్ నుంచి ఏదైనా రాస్తే ఫైళ్లు చెడిపోవచ్చు. అందుకే కుదించడానికి అవసరం లేకపోయినా ఈ కమాండ్ ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం.

అడ్డుపడింది పేజ్ ఫైలైతే దాన్ని తాత్కాలికంగా తీసేసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ కుదించి, పని అయ్యాక తిరిగి పెట్టుకోవాలి. 100 జీబీ కోసం ష్రింక్ పెట్టెలో 102400 అని రాయాలి, అది ఎంబీల్లో అడుగుతుంది కాబట్టి. వచ్చిన ఖాళీని అన్‌అలొకేటెడ్‌గానే వదిలేయండి. దాని పక్కన రికవరీ పార్టిషన్ కనిపిస్తే ముట్టుకోకండి.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది బిట్‌లాకర్. మనం ఆన్ చేయకపోయినా కొత్త ల్యాప్‌టాప్‌లలో అది ముందే ఆన్ అయి ఉండొచ్చు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో `manage-bde -status C:` కొడితే తెలుస్తుంది. సెక్యూర్ బూట్ సెట్టింగు మారితే అది 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ దగ్గర లేకపోతే డేటా మొత్తానికి మన కళ్ల ముందే తాళం పడిపోతుంది.

ఇక ఏది ముందు పెట్టాలి? విండోసే. పాత బయోస్ రోజుల్లో విండోస్ ఇన్‌స్టాలర్ డిస్కు మొదట్లో ఉన్న బూట్ కోడ్‌ను చెరిపి తనది రాసుకునేది, లినక్స్ మెనూ మాయమయ్యేది. ఇప్పుడు యూఈఎఫ్ఐలో రెండింటి బూట్ ఫైళ్లూ ఒకే ఈఎఫ్ఐ పార్టిషన్‌లో వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి. ఒకటి మరొకదాన్ని చెరపదు, కానీ విండోస్ వచ్చినప్పుడు బూట్ వరుసలో తానే ముందు నిలబడుతుంది. ఉబుంటు గ్రబ్ మెనూ విండోస్‌ను వెతికి చేర్చుకోగలదు, విండోస్ మెనూ లినక్స్‌ను తనంతట వెతకదు. అందుకే విండోస్ ముందు, లినక్స్ తర్వాత.

ఉబుంటు ఇన్‌స్టాలర్‌లో మాన్యువల్ ఎంచుకుంటే ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌నే వాడండి, దాని ఫార్మాట్ గడిలో టిక్ ఉండకూడదు. ఉంటే విండోస్ బూట్ ఫైళ్లు పోతాయి. విండోస్ ఇచ్చే 100 ఎంబీ ఉబుంటుకు సరిపోతుంది. పాప్ ఓఎస్ లాంటివి కెర్నెల్‌ను కూడా అందులోనే పెడతాయి, వాటికి అది చాలదు.

తర్వాత ఎప్పుడైనా గ్రబ్ కనబడకుండా నేరుగా విండోస్ వచ్చేస్తే మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. ఫర్మ్‌వేర్ బూట్ మెనూలో ఉబుంటు ఎంచుకుని లోపలికి వెళ్లి `efibootmgr` కొట్టండి, వరుస కనబడుతుంది. ఉబుంటుకు 0003, విండోస్‌కు 0000 అని చూపిస్తే:

```
sudo efibootmgr -o 0003,0000
```

ఇంటికెళ్లి ఈ పని మొదలుపెట్టేవాళ్లకు నా విన్నపం: ముందు ఫైళ్లను బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి, ఆ 48 అంకెలను కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే ష్రింక్ నొక్కండి.