బాకీ ఉన్న కొట్టుకు మనమే ముందు వెళ్దాం
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



2024 సెప్టెంబరు 1న బుడమేరు మన మీద పడిన సంగతి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఉన్న మనకెవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. నీళ్లు పోయాక ఇళ్లు కడుక్కున్నాం, బురద ఎత్తిపోశాం. ఆ తర్వాత మిగిలింది బాకీలు. సరుకు తెచ్చిన కొట్లకు డబ్బు కట్టాలి, చేతిలో మాత్రం లేదు. అప్పుడు మా దగ్గరకు వచ్చిన ఒక చెల్లి సంగతి ఈరోజు చెప్తాం. ఆమె పేరు చెప్పం, ఆ కొట్టు పేరూ చెప్పం. లెక్క మాత్రం పూర్తిగా చెప్తాం.

ఆ చెల్లి జాకెట్లు కుడుతుంది, ఇంట్లోనే చీరలు కూడా అమ్ముతుంది. వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ సేటు దగ్గర దసరా కోసం అరువుకు సరుకు తెచ్చింది. కింది అరల్లో పెట్టిన చీరలన్నీ తడిసిపోయాయి. బాకీ 48,000 రూపాయలు, దసరా వెళ్లగానే కట్టాలి. ప్రభుత్వం ఇచ్చిన వరద సాయం పరుపులకీ గిన్నెలకీ మిషను రిపేరుకీ పోయింది. సేటు ఫోను చేస్తే భయపడి రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "వారానికి మూడు వేలు ఇచ్చేస్తానండీ" అనేసింది. ఆ సాయంత్రమే మా దగ్గరకు వచ్చి ఏడ్చింది.

మేము ముందు అడిగింది ఒకటే. "మూడు వేలు ఎక్కడి నుంచి వస్తాయి?" ఆమె దగ్గర జవాబు లేదు. అప్పుడు కూర్చుని కాగితం మీద రాశాం. కుట్టుపని, అమ్మకం కలిపి వారానికి 6,000 వస్తుంది. దారం, లైనింగు, కరెంటు, అద్దెకు 2,200. ఇంటి ఖర్చులో ఆమె వంతు 1,800. గ్రూపు లోను వాయిదా, పొదుపు కలిపి 700. అన్నీ పోగా మిగిలేది 1,300. ఆ 1,300లో వెయ్యి మాత్రమే మాటివ్వమన్నాం. మిగతా మూడొందలు పిల్లకు జ్వరం వచ్చినా, మిషను సూది విరిగినా ఆదుకోడానికి.

తర్వాత ఆమెకు రావలసిన డబ్బు చూశాం. చీరలు తీసుకుని ఇవ్వాల్సిన వాళ్లు 38,000 దాకా ఉన్నారు. కానీ వాళ్లవీ మునిగిన ఇళ్లే. అందుకని ఒక్కొక్కరి పేరూ చదివి, తప్పకుండా ఇస్తారనుకున్న వాళ్లనే లెక్కలో పెట్టాం. దీపావళికి 14,000, సంక్రాంతికి 10,000 తేలింది. అందులోనూ కొంత తగ్గించి, దీపావళికి 10,000, సంక్రాంతికి 8,000 ఇస్తానని రాసుకున్నాం. చేతిలో 6,000 ఉంది. ఈ మూడూ కలిపితే 24,000. మిగిలిన 24,000 వారానికి వెయ్యి చొప్పున 24 వారాలు. అక్టోబరు 7 సోమవారం మొదలుపెడితే మార్చి మూడో వారానికి బాకీ తీరుతుంది.

ఈ లెక్క ఎందుకు ముఖ్యమంటే, ఇబ్బంది కొన్నాళ్లదా, లేక వ్యాపారమే నష్టంలో ఉందా అన్నది ఇక్కడే తెలుస్తుంది. వారం చివర ఏమీ మిగలకపోతే వాయిదాలు పెట్టుకున్నా ప్రయోజనం లేదు. ఇంకోచోట అప్పు తెచ్చి వాయిదా కట్టాల్సి వస్తుంది. అలాంటప్పుడు మిగిలిన సరుకు వెనక్కి తీసుకోమనాలి, లేదా బాకీ కొంత తగ్గించమని అడగాలి. అది వేరే మాట.

గడువు దాటకముందే, సెప్టెంబరులోనే, చెల్లి సేటు దగ్గరకు వెళ్లింది. మాలో ఇద్దరం తోడు వెళ్లాం. ఆమె ఇలా మాట్లాడింది: "సేటు గారూ, ఫోను ఎత్తకపోవడం నా తప్పు. మూడు వేలన్నది కూడా తొందరలో అన్నమాట, అంత కట్టలేను. ఇదిగో నా లెక్క. ఈరోజు ఆరు వేలు తెచ్చాను. మిగతాది ఈ తేదీల్లో ఇస్తాను." కాగితం చూసి ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆయనా సూరత్ వాళ్లకు కట్టుకోవాలి కదా. డబ్బు ఎప్పుడొస్తుందో తేదీలతో తెలిస్తే ఆయనా అవతల వాళ్లకు చెప్పుకోగలడు. చివరికి, "సరేనమ్మా, కానీ ఇకమీదట అరువు లేదు, నగదుకే సరుకు. 24 చెక్కులు సంతకం పెట్టి ఇవ్వు" అన్నాడు.

నగదు షరతుకు ఒప్పుకున్నాం, చెక్కులకు ఒప్పుకోలేదు. ఎందుకో వినండి. ఖాతాలో డబ్బు లేక చెక్కు వెనక్కి వస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు పడొచ్చు. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే కోర్టు దాకా పోతుంది. జైలు శిక్ష, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా ఉండొచ్చు. మామూలు బాకీ వాయిదా ఒక వారం తప్పితే అంత దూరం పోదు. అందుకే ఖాళీ చెక్కు గానీ, అంకె వేయని ప్రోనోటు గానీ ఎవరికీ ఇవ్వొద్దు. పాత నోటు ఉండి కొత్తది రాస్తే, పాతదాన్ని అక్కడే వెనక్కి తీసుకోండి. లేకపోతే ఒకే బాకీకి రెండు నోట్లవుతాయి.

చెక్కులకు బదులు తెల్లకాగితం మీద ఒప్పందం రాశాం. మొత్తం ఎంత, ఈరోజు ఎంత ముట్టింది, ఏ తేదీకి ఎంత, ఈ తేదీల ప్రకారం కడితే వడ్డీ లేదు అని. ఇద్దరూ సంతకాలు పెట్టి చెరొక కాపీ ఉంచుకున్నారు. మేమిద్దరం సాక్షులుగా పెట్టాం. పేరు పక్కన "సాక్షి" అని రాశాకే సంతకం చేశాం. జామీను అని ఉంటే ఆమె కట్టకపోతే మనం కట్టాలి. తోడు వెళ్లేవాళ్లు ఈ ఒక్క మాట చూసుకోండి.

ఇంకో మెలిక ఉంది. చెల్లి ప్రతి వారం అదే కొట్లో నగదుకు లైనింగు కొంటుంది. ఆ డబ్బు పాత బాకీలోకి రాసుకుని, కొత్త సరుకును మళ్లీ అరువుగా చూపితే లెక్క ఎప్పటికీ తెగదు. ఇచ్చే డబ్బు ఏ బాకీ కిందో చెప్పే హక్కు ఇచ్చేవాళ్లదే. మనం చెప్పకపోతే తీసుకునేవాళ్లు తమకు ఇష్టమైనదాని కింద రాసుకోవచ్చు. కాంట్రాక్టు చట్టంలోనే ఆ మాట ఉంది. అందుకని ఫోన్‌పే చేసినప్పుడు "పాత బాకీ, 3వ వారం" అని రాసింది. సరుకు డబ్బు విడిగా కట్టి విడిగా బిల్లు తీసుకుంది.

డిసెంబరులో ఒక వారం పాపకు ఒంట్లో బాగోలేక ఖర్చయింది. సోమవారం వాయిదా అయితే, శనివారమే ఫోను చేసింది. "ఐదొందలే ఇవ్వగలను, మిగతా ఐదొందలు వచ్చే రెండు వారాల్లో కలిపి ఇస్తాను" అంది, ఇచ్చింది. సేటు ఏమీ అనలేదు. తేదీ దాటాక చెప్పే కారణం సాకులాగే వినిపిస్తుంది, ఎంత నిజమైనా.

మార్చిలో చివరి వెయ్యి కట్టిన రోజున "బాకీ ఏమీ లేదు" అని ఆ కాగితం మీదే రాయించుకుని వచ్చింది. ఆ కాగితం మా ఆఫీసు ఫైలులో ఉంది. ఇలాంటి ఇబ్బంది వచ్చినవాళ్లు గడువుకు ముందే రండి, ఆ నమూనా చూసి మీ లెక్క మీ చేతే రాయిస్తాం. వచ్చేటప్పుడు మీ చిట్టా పుస్తకం తెచ్చుకోండి.