జ్వరం మాత్ర, మందు అలవాటు, లివరు
(వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఈరోజు మేము ఒకే ఒక్క మాత్ర గురించి మాట్లాడదామనుకున్నాం. అది పారాసిటమాల్. డోలో అన్నా, క్రోసిన్ అన్నా, కాల్‌పాల్ అన్నా లోపలున్నది అదే. మోతాదులో వేసుకుంటే మంచి మాత్రే. చిక్కు వచ్చేది రోజూ తాగే మనిషి దగ్గర.

మింగిన మాత్రలో ఎక్కువ భాగాన్ని లివరు ఇబ్బంది లేకుండా మార్చి మూత్రంలో పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం విషంగా మారుతుంది. దాన్ని విరిచే గ్లూటాథయోన్ అనే పదార్థం లివరులోనే ఉంటుంది. రోజూ తాగేవారిలో విషాన్ని తయారుచేసే ఎంజైము పెరుగుతుంది, విరుగుడు నిల్వేమో తరిగిపోతుంది. తిండి తినకపోతే ఇంకా తరుగుతుంది.

"రెండ్రోజులుగా చుక్క ముట్టలేదు కదా, ఏం కాదులే" అంటారు మన ఇళ్ళల్లో. నిజానికి మందు ఒంట్లో ఉన్నంతసేపు ఆ ఎంజైము మందు పనిలోనే ఉంటుంది. మానేశాక కొన్ని రోజులు అదంతా పారాసిటమాల్ మీద పడుతుంది. జ్వరంతో తాగలేక, తినలేక పడుకున్న రోజులే అవి!

ఒక లెక్క వేద్దాం. రోజూ తాగే మనిషికి జ్వరం, జలుబు వచ్చాయనుకోండి. 650 మాత్ర నాలుగుసార్లు వేస్తే 2600 మిల్లీగ్రాములు. షాపులో ఇచ్చిన జలుబు మాత్రలో కూడా చాలాసార్లు 500 పారాసిటమాల్ ఉంటుంది. అది మూడుసార్లు వేస్తే 1500. మొత్తం 4100. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకే రోజుకు 4000 దాటకూడదు. రోజూ తాగేవారికి 2000 దాటొద్దని చాలామంది డాక్టర్లు చెబుతారు, అంటే 500 మాత్రలు నాలుగు. ఎప్పుడో పండక్కి తాగి, తలనొప్పికి ఒక మాత్ర వేసుకున్నాయన గురించి కాదు మేం చెప్పేది.

పోనీ బ్రూఫెన్ వేద్దామా అంటే, తాగేవారికి దానితో కడుపులో పుండు, రక్తస్రావం భయం. అది కూడా డాక్టరును అడిగాకే.

మొదటి రోజు వికారం, వాంతులే ఉంటాయి. అవి జ్వరం వల్లనో, తాగుడు మానినందుకో అనుకుంటాం. తర్వాత కుడి డొక్క కింద నొప్పి, కళ్ళు పచ్చబడడం, మాట తడబడడం కనిపిస్తాయి. ఆ దశలో పసరు మందు కోసం తిరిగితే సమయం పోతుంది. ఆసుపత్రిలో ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు మందు ఉంటుంది. ఎక్కువ మోతాదు ఒక్కసారే మింగినప్పుడు 8 గంటల్లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది. ఆలస్యమైనా ఇస్తారు. కాబట్టి కళ్ళు పచ్చబడేదాకా ఆగకుండా తీసుకెళ్ళండి. వేసుకున్న మాత్రల ఖాళీ అట్టలన్నీ వెంట పట్టుకెళ్ళండి. పరువు పోతుందని దాచకుండా, రోజూ తాగుతాడన్న మాట డాక్టరుకు ముందే చెప్పండి.