వీడియో చివర ఏం చూపించాలి, ఏం చెప్పాలి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



ఇప్పుడు మనలో చాలామంది మన బతుకు కథను ఫోన్‌లో వీడియో తీసి గ్రూపులో పెడుతున్నాం. మొదలు బాగానే ఉంటుంది. చివరికి వచ్చేసరికి చేతులు జోడించి, అందరి పేర్లూ చెప్పి, ధన్యవాదాలు అని ఆపేస్తాం. అప్పటిదాకా కళ్లు చెమర్చుకుని చూసినవాళ్లు కూడా అక్కడ ఫోన్ పక్కన పెట్టేస్తారు. చివర ఎలా ఉండాలో మా సంఘంలో ఒక అక్క వీడియో తీస్తూ నేర్చుకున్నాను. అది చెబుతాను.

ఆ అక్క భర్త పాలు పోసి ఇల్లు నడిపేవాడు. ఆయన పోయాక మూడు నెలలు ఆయన సైకిల్ గోడకు ఆనించే ఉంది. తర్వాత అక్క ఆ సైకిల్‌కే క్యాన్లు తగిలించి, తొక్కడం రాక, నడిపించుకుంటూ పాల కేంద్రానికి వెళ్లడం మొదలుపెట్టింది. వీడియో మొదట గోడకు ఆనించిన సైకిల్‌నే చూపించాం.

మాట్లాడుతూ మాట్లాడుతూ అక్క ఒకచోట ఏడ్చింది. వీడియో అక్కడే ఆపేద్దాం, చూసేవాళ్ల గుండె కరుగుతుంది అన్నాను. అక్క ఒప్పుకోలేదు. "నేను ఏడ్చినచోట ఆపేస్తే నా బతుకు అక్కడే ఆగిపోయిందనుకుంటారమ్మా. పొద్దున్నే లేచి పాలు పోస్తున్నాను కదా, అది ఎవరు చూస్తారు?" అంది. నాకు మాట రాలేదు. ఆ ఏడుపు ముక్కను మధ్యలో ఉంచి, చివర కోసం మళ్లీ ఆలోచించాం.

చివర కొత్త వస్తువు వెతకక్కర్లేదు. మొదట చూపించినదాన్నే మళ్లీ చూపించి, ఏం మారిందో చూసేవాళ్ల కంటికి వదిలేయాలి. అందుకే అదే గోడ, అదే సైకిల్ పెట్టుకున్నాం. మొదటిసారి కుర్చీ వేసినచోట రాయి గుర్తు పెట్టి ఉంచాం కాబట్టి మళ్లీ అదే చోట, అదే ఎత్తులో, ఫోన్ అడ్డంగా పెట్టగలిగాం. అలా పెడితేనే రెండు బొమ్మలూ ఒకటేనని చూసేవాళ్లకు తెలుస్తుంది.

మొదటిసారి తప్పు చేశాను. అక్క సైకిల్ తీసుకుని కదలగానే ఫోన్ పట్టుకుని వెనకాల నడిచాను. బొమ్మంతా ఊగింది. పైగా ఆమె మలుపు తిరగగానే ఆపేశాను. చూస్తే తలుపు ధడేల్న మూసినట్టుంది. మర్నాడు ఫోన్‌ను కుర్చీ మీద బియ్యం సంచికి ఆనించి, కదపకుండా వదిలేశాను. అక్క బయలుదేరకముందు ఐదు సెకన్లు, వెళ్లిపోయాక పది సెకన్లు నడవనిచ్చాను. అక్క బొమ్మలోంచి దాటిపోయింది. ఖాళీ గోడ మిగిలింది. మలుపులోంచి సైకిల్ గంట వినిపించింది. ఆ గంట తర్వాత నాలుగు సెకన్లు ఉంచి ఆపాం.

ఇక చివరి మాట. అక్క మొదట సంఘం వల్ల ధైర్యం వచ్చింది, అందరూ ధైర్యంగా ఉండాలి అని చెప్పింది. అది నిజమే కానీ ఎవరైనా చెప్పే మాట. "సైకిల్ గురించి నువ్వే చెప్పగలిగింది ఏముంది అక్కా?" అని అడిగాను. కాసేపు ఆగి ఇలా అంది: "ఈ సైకిల్ ఆయనది. తొక్కడం నాకు ఇంకా రాలేదు. కానీ ఒక్కరోజు కూడా దీన్ని ఖాళీగా ఉంచలేదు." అదే పెట్టాం. ఆ మాటను ఆమె క్యాన్లు తగిలిస్తున్న బొమ్మ మీద వేశాం. గోడ బొమ్మ మీద మాట లేదు, పాట లేదు. మాటా బొమ్మా ఒకేసారి పెడితే ఒకదాన్ని ఇంకొకటి మింగేస్తుంది. పాట పెట్టి ఉంటే ఆ గంట వినపడేదే కాదు.

వాళ్ల అమ్మాయి, "అమ్మ సైకిల్ తొక్కుతున్నట్టు తీస్తే ఇంకా బాగుంటుంది కదా పిన్నీ" అంది. వద్దన్నాం. ఊళ్లో అందరికీ తెలుసు అక్కకు తొక్కడం రాదని. చివర ఒక్క అబద్ధం ఉంటే ముందు చెప్పిన నిజం కూడా పోతుంది.

ధన్యవాదాలు చెప్పాల్సినవాళ్ల పేర్లు వీడియోలో కాకుండా, గ్రూపులో పెట్టేటప్పుడు కింద రాశాం.

పెట్టేముందు, అక్క కథ తెలియని పక్క ఊరి ఇద్దరికి చూపించి, "ఏం గుర్తుంది?" అని మాత్రమే అడిగాం. ఒకామె "గోడ" అంది. ఇంకొకామె "గంట" అంది. ఇద్దరూ బాగుంది అని ఊరుకుని ఉంటే మళ్లీ తీసేవాళ్లం.

మీరు కూడా తీసేముందు మీ వీడియో మొదట ఏం చూపిస్తున్నారో చూసుకోండి. చివర అక్కడే దొరుకుతుంది.