సినిమా డైరీలో చివరి లైను

ఒక చిన్న పని చేద్దాం. ఫోన్‌లో నోట్స్ తెరిచి, మీరు ఈమధ్య చూసిన సినిమా గురించి రెండు లైన్లు రాయండి. రాశారా? ఇప్పుడు సినిమా పేరు మీద వేలు పెట్టి చదవండి. "ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ ల్యాగ్, బీజీఎం అదిరింది." ఇది ఏ సినిమాకైనా అతుకుతుంది కదా! ఇలాంటివి వంద రాసినా ఆర్నెల్ల తర్వాత ఏ సినిమా గురించి రాశామో మనకే తెలీదు.

నేను రాసేది నాలుగే లైన్లు. ఎప్పుడు, ఎక్కడ చూశాను. గుర్తుండిపోయిన ఒక్క సీను. ఐదుకి ఎంత. చివర్లో ఒక ప్రశ్న. అదీ రివ్యూలు చూడకముందే, లేదంటే వాళ్ల మాటలే మన మాటలైపోతాయి.

అసలు పని జరిగేది ఆ ప్రశ్న దగ్గరే. 'మాయాబజార్' తీసుకోండి, 1957లో కె.వి. రెడ్డి గారు తీసింది. సీను: శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు, అంటే సావిత్రి గారు, పెళ్లిపీటల మీద చేసే అల్లరి. రేటింగ్ 4. ప్రశ్న: "అభిమన్యుడున్నాడు, సుభద్ర ఉంది, కృష్ణుడున్నాడు. మరి పాండవులేరి?"

నిజమే, సినిమా మొత్తంలో ఐదుగురిలో ఒక్కరూ కనిపించరు. ఈ ప్రశ్న పట్టుకుని రెండోసారి చూస్తే కథ వేరేగా కనిపిస్తుంది. పాండవులు రాజ్యం పోగొట్టుకున్నారని తెలియగానే రేవతి, బలరాముడు ఇచ్చిన మాట తప్పుతారు. ఆ అవమానం సుభద్ర తన పుట్టింట్లోనే ఒంటరిగా పడాలి. అర్జునుడు పక్కనుంటే అది అతని గొడవ అయిపోయేది. ఇది నాకు దొరికిన జవాబు. మీకు ఇంకోటి దొరకొచ్చు.

మజా ఏంటంటే, ఆ ప్రశ్న తర్వాతి సినిమాకీ వస్తుంది. 'ఈగ'లో ఏం దాచారు? ఈగకి మాటల్లేవు. మరి దానికి కోపమొచ్చిందని మనకెలా తెలుస్తోంది? ఇక చూసేటప్పుడు కళ్లు దాని కాళ్ల మీదకీ, రెక్కల మీదకీ వాటంతటవే పోతాయి.

ఒక నిమిషం గూగుల్ చేస్తే తేలిపోయే ప్రశ్న మాత్రం రాయొద్దు. సినిమా మళ్లీ చూస్తే తప్ప తేలనిదే రాయండి. కొన్ని సినిమాలకి ఏ ప్రశ్నా రాదు, ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీ కూడా ఒక రివ్యూనే!

రేటింగ్ మాత్రం పదిహేను రోజులయ్యాక, పాతది చూడకుండా, ఇంకోసారి వేయండి. పాతది చెరపకండి. మొదటిరోజు హాల్లో 4 వేసింది ఇప్పుడు రెండున్నరకి దిగిందనుకోండి, "ఎక్కడ చూశాను" అన్న లైను చూడండి. ఆ ఒకటిన్నర సినిమాదా, పక్క సీట్లో విజిల్స్ వేసిన బ్యాచ్‌దా?