కంతు కాగితంలో వడ్డీ గడి



నా ఉద్యోగ జీవితమంతా కడప, కర్నూలు జిల్లాల గ్రామీణ బ్యాంకు శాఖల్లోనే గడిచింది. 1976లో కడప కేంద్రంగా మొదలైన రాయలసీమ గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో కలిసింది. అది 2025లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పేర్లు ఎన్ని మారినా కౌంటరు ముందు నిలబడిన రైతు అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఇన్ని కంతులు కట్టినా అసలు తగ్గలేదేంది?" దానికి జవాబు ఆయన చేతిలోని కంతుల పట్టికలోనే ఉంటుంది. ఈ రోజు ఆ పట్టికను ఎట్లా చదవాలో చెబుతాను.

లక్ష రూపాయల అప్పు తీసుకున్నారనుకుందాం. ఏటా 12 శాతం వడ్డీ, పన్నెండు నెలల గడువు. మన ఊళ్లలో దీన్నే నూటికి రూపాయి వడ్డీ అంటారు. నెల కంతు 8,885 రూపాయలు వస్తుంది. మొదటి నెల బాకీ లక్ష కాబట్టి వడ్డీ వెయ్యి. కంతులో మిగిలిన 7,885 అసలుకు పోతుంది, బాకీ 92,115కు దిగుతుంది. రెండో నెల వడ్డీని ఆ 92,115 మీదే కట్టాలి, అంటే 921 రూపాయలు. అసలుకు 7,964 జమై బాకీ 84,151 అవుతుంది. పై వరుసలోని బాకీ నుంచే కింది వరుసలోని వడ్డీ పుడుతుంది. ఇట్లా నడుస్తుంటే నెలనెలా వడ్డీ తగ్గి, అసలు పెరిగి, చివరి వరుసలో బాకీ సున్నా కావాలి. పైసలు సర్దడం వల్ల ఆఖరి కంతు ఒకటి రెండు రూపాయలు అటూఇటూ అయితే తప్పు కాదు.

అదే లక్షకు, అదే 12 శాతానికి కంతు 9,333 అని రాసి ఉంటే వడ్డీ గడిని పైనుంచి కిందికి చూడండి. ప్రతి నెలా వెయ్యి అనే ఉంటుంది. దీన్ని ఫ్లాట్ వడ్డీ అంటారు. మీరు తీర్చేసిన అసలు మీద కూడా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. చివరి నెలకు మిగిలే బాకీ 8,333 రూపాయలే, దాని మీద కూడా వెయ్యి వడ్డీ! అంటే ఆ నెల నూటికి పన్నెండు రూపాయలు. మొత్తం మీద అసలైన రేటు ఏటా సుమారు 21.5 శాతం పడుతుంది. రూపాయి వడ్డీ అని చెప్పి రూపాయి ఎనభై పైసల దాకా వసూలు చేయడమే ఇది. వేరుశనగ అమ్మిన డబ్బుతో మోటారు బండి కొనే కుటుంబానికి ఈ తేడా చిన్నది కాదు.

ఇంకో తప్పు కంటికి ఇంత సులువుగా దొరకదు. అప్పు చేతికిచ్చిన రోజే మొదటి కంతు పట్టుకుంటారు. అప్పుడు మీ దగ్గర మిగిలేది 91,115 మాత్రమే. వడ్డీ మాత్రం పూర్తి లక్ష మీద లెక్కేస్తారు. కంతు ముందే కట్టించుకుంటే అది నెలకు 8,797 చాలు. 8,885 తీసుకుంటే ఏడాదికి వెయ్యి రూపాయలకు పైగా ఎక్కువ పోతుంది. ఈ పద్ధతి తప్పని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది. కాబట్టి పట్టికలో మొదటి కంతు తేదీని, అప్పు ఇచ్చిన తేదీని పక్కపక్కన పెట్టి చూడండి.

అయితే ప్రతి తేడా మోసం కాదు. చాలా బ్యాంకులు రోజుల లెక్కన వడ్డీ కడతాయి. 31 రోజుల నెలలో లక్షకు వెయ్యి బదులు 1,019 పడుతుంది. ఫిబ్రవరిలో అంతకన్నా తక్కువే. కంతు వారం ఆలస్యమైతే ఆ వారం వడ్డీ కూడా చేరి అసలుకు పోయే భాగం తగ్గుతుంది. అందుకే ముందు ఇచ్చిన పట్టికనే కాదు, ఖాతా స్టేట్‌మెంటును కూడా పక్కన పెట్టుకోవాలి. ఆలస్యానికి వేసే జరిమానా ఆ స్టేట్‌మెంటులో వేరుగా కనబడాలి. దాన్ని అసలులో కలిపి మళ్లీ వడ్డీ వేయకూడదు.

మీలో చదువు అప్పు తీసుకున్నవాళ్లకు ఇంకో మాట. సాధారణంగా చదువు ముగిసిన ఏడాది దాకా కంతులు మొదలుకావు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. అందువల్ల మీ పట్టిక మొదటి వరుసలో ఉండే బాకీ మీరు తీసుకున్న మొత్తం కన్నా ఎక్కువగానే ఉంటుంది. ఫీజు ఏ తేదీన ఎంత విడుదలైందో రాసుకుని, ఒక్కో విడతకు విడిగా సాధారణ వడ్డీ కట్టి కూడండి. మధ్యలో మీ నాయన కట్టిన వడ్డీ ఉంటే తీసేయండి. వచ్చిన మొత్తం మొదటి వరుసతో సరిపోకపోతే, మొదటి కంతు కట్టకముందే శాఖకు వెళ్లి ఆ లెక్క కాగితం మీద అడగండి.