ఒక్క ‘డిశ్చార్జి’కి ఎన్ని తెలుగు మాటలు?

 

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేయడం నా వృత్తి. అందులో నేను చేసిన ఒక పొరపాటు గురించి చెబుతాను. ఆపరేషన్ అయినవాళ్లకు ఇచ్చే జాగ్రత్తల కాగితం అది. అందులో ఒక వాక్యాన్ని ‘డిశ్చార్జి ఉంటే వెంటనే తెలియజేయండి’ అని రాశాను. అందరికీ తెలిసిన మాటే కదా, తెలుగు ఎందుకనుకున్నాను. ఆ తెలియడంతోనే చిక్కు వచ్చింది.

అచ్చుకు పంపేముందు మా పెద్దమ్మకు చదివి వినిపించాను. “ఇంటికి పంపేది వాళ్లే కదరా, మళ్లీ వాళ్లకి మనం చెప్పేదేంటి?” అంది. కుట్లలోంచి చీము కారుతున్న మనిషి కూడా అలాగే అనుకుని ఇంట్లోనే ఉండిపోతే?

‘స్రావం’ అని మార్చాను. “రక్తస్రావమా?” అని అడిగింది. ఆ మాటను ఆవిడ విన్నది అలాగే మరి. అప్పుడు డాక్టరుగారినే అడిగి, చివరికి ‘కుట్ల దగ్గర చీముగానీ రసిగానీ కారుతుంటే’ అని రాశాను. నాలుగు మాటలు ఎక్కువయ్యాయి కానీ, పెద్దమ్మ మళ్లీ ప్రశ్న వేయలేదు.

ఆ తర్వాత గమనించాను. శరీరంలోంచి వచ్చేదానికి ఇంగ్లీషు డాక్టరు ఒకటే మాట వాడతాడు. తెలుగులో అది ఎక్కడి నుంచి వస్తోందో చూసి పేరు పెట్టాలి. కంట్లోదైతే పుసి, ముక్కులోదైతే చీమిడి, చెవిలోదైతే చీము. ఆడవాళ్ల విషయంలో తెల్లబట్ట. నిఘంటువులో ‘స్రావం’ దగ్గర ఆగిపోతే ఇవేవీ దొరకవు.

ఆఫీసు కాగితాల్లో ఇదే మాట ఇంకో మెలిక పెడుతుంది. ఒక ఉద్యోగి తన విధులను డిశ్చార్జి చేశాడంటే వాటిని నిర్వర్తించాడని. విధుల ‘నుంచి’ డిశ్చార్జి చేశారంటే తప్పించారని. అర్థం పూర్తిగా తిరగబడింది. అందుకే ఈ మాట ఎదురైతే దేన్ని, దేని నుంచి అని రెండు ప్రశ్నలు వేసుకుంటాను. అప్పు విషయమైతే తీర్చడం, బ్యాటరీ విషయమైతే ఛార్జింగు దిగిపోవడం.

కోర్టు మాట దగ్గరే ఇంకా తడబడుతున్నాను. విచారణ మొదలవక ముందే, తగిన ఆధారం లేదని నిందితుణ్ణి కేసు నుంచి తప్పిస్తే అది డిశ్చార్జి. దాన్ని ‘నిర్దోషిగా విడుదల’ అని రాస్తే తప్పు. అది విచారణంతా జరిగాక ఇచ్చే తీర్పు. డిశ్చార్జి అయిన మనిషిపై కొత్త ఆధారాలు దొరికితే మళ్లీ చర్య తీసుకోవచ్చు. నిర్దోషిగా తేలినవాణ్ణి మాత్రం అదే నేరానికి మళ్లీ విచారించకూడదు. ప్రస్తుతానికి ‘విచారణకు ముందే కేసు నుంచి తప్పించడం’ అని రాస్తున్నాను. పొడుగైంది, తెలుసు. ఇంతకన్నా చిన్న మాట తోస్తే మన తెలుగు మాస్టారు భోజనాల దగ్గర చెప్పాలని మనవి.